పిండి యూనిట్ పెట్టాలా వద్దా: మధ్యలో ఆపేసే వీలుకు మేం కట్టిన విలువ

విజయవాడలో టిఫిన్ సెంటర్ నడిపే మా బావ ఇడ్లీ, దోశ పిండి ప్యాకెట్లు కట్టి కిరాణా షాపులకు వేసే యూనిట్ పెడదామనుకున్నాడు. పెట్టుబడి కోటి రూపాయలు, అంతా సొంత డబ్బే. నేను అకౌంట్స్ పనిలో ఉన్నాను కాబట్టి లెక్క చూసే బాధ్యత నా మీద పడింది.

మొదట ఇద్దరం కూర్చుని రెండు పరిస్థితులు రాసుకున్నాం. గిరాకీ బాగుంటే ఖర్చులు, పన్ను పోను ఏడాదికి 50 లక్షలు మిగులుతుంది. గిరాకీ మందంగా ఉంటే 10 లక్షలే. ఈ సరుకు ఎక్కువ రోజులు నిలవ ఉండదు. అమ్ముడుపోని ప్యాకెట్లను షాపుల నుంచి మనమే వెనక్కి తీసుకోవాలి. అందుకే గిరాకీ తగ్గితే అమ్మకాల కంటే లాభం ఎన్నో రెట్లు పడిపోతుంది. యూనిట్ ఆయుష్షు నాలుగేళ్లు అనుకున్నాం, ఆ తర్వాత యంత్రాలకు విలువేమీ వేయలేదు. ముందు ముందు వచ్చే డబ్బును ఇవాళ్టి విలువకు తగ్గించే డిస్కౌంట్ రేటు 15 శాతం.

ఏటా 50 లక్షల చొప్పున నాలుగేళ్ల రాబడికి నేటి విలువ 142.75 లక్షలు. పెట్టుబడి తీసేస్తే 42.75 లక్షల లాభం. ఏటా 10 లక్షలైతే నేటి విలువ 28.55 లక్షలే, అంటే 71.45 లక్షల నష్టం. గిరాకీ బాగుండే అవకాశం 60 శాతం, మందంగా ఉండే అవకాశం 40 శాతం వేస్తే సగటున 2.93 లక్షల నష్టం వచ్చింది. ఇలా రాబడి నేటి విలువలోంచి పెట్టుబడి తీసేసే మామూలు ఎన్‌పీవీ లెక్కయితే ఇక్కడితో ఫైలు మూసేయాల్సిందే.

కానీ ఈ లెక్కలో ఒక లోపం ఉంది. గిరాకీ లేదని మొదటి ఏడాదిలోనే తెలిసిపోయినా, బావ ఇంకో మూడేళ్లు ఏటా 10 లక్షలకే యూనిట్ నడుపుతూ కూర్చుంటాడని అది అనుకుంటోంది. ఎవరూ అలా కూర్చోరు. కోల్డ్ రూమ్, వ్యాన్లు, గ్రైండర్లు అమ్మేసి బయటపడతారు. ఆ వీలును కూడా లెక్కలోకి తేవాలంటే చెట్టు గీయాలి, అదే డెసిషన్ ట్రీ.

కాగితం మీద ఎడమ చివర ఒక చతురస్రం పెట్టాను: యూనిట్ పెట్టాలా, వద్దా. దాని నుంచి ఒక వృత్తం: గిరాకీ బాగుందా, మందమా. వృత్తం అంటే మన చేతిలో లేనిది, అక్కడ సంభావ్యతలు వేసి సగటు తీస్తాం. మొదటి ఏడాది చివర, ఒక్కో కొమ్మ మీద మళ్లీ ఒక చతురస్రం: నడపాలా, అమ్మేయాలా. చతురస్రం దగ్గర సంభావ్యత వేయకూడదు. నిర్ణయం మనదే కాబట్టి ఏది ఎక్కువైతే అదే తీసుకోవాలి. చెట్టును ఎడమ నుంచి కుడికి గీస్తాం, లెక్క మాత్రం కుడి చివర నుంచి వెనక్కి వస్తుంది.

యూనిట్ అమ్మేస్తే ఎంత వస్తుందన్నది తేల్చడానికే ఎక్కువ తిరగాల్సి వచ్చింది. ఆటోనగర్‌లో పాత వ్యాన్ల ధరలు అడిగాం. సెకండ్ హ్యాండ్ కిచెన్ సామాను కొనే వాళ్లను కలిశాం. వ్యాన్లు, కోల్డ్ రూమ్ ఏ వ్యాపారానికైనా పనికొస్తాయి, గ్రైండర్లను హోటళ్లు కొంటాయి. ప్యాకింగ్ మెషీన్ దగ్గరే ఇబ్బంది. దాన్ని కొనేది ఇంకో పిండి యూనిట్ వాళ్లే. మన దగ్గర గిరాకీ లేనప్పుడు వాళ్ల దగ్గరా ఉండకపోవచ్చు. అందుకే దానికి దాదాపు ఏమీ వేయలేదు. కమీషన్లు, పన్నులు పోను 45 లక్షలు చేతికొస్తాయని తేల్చాం.

మందం గిరాకీ కొమ్మ మీదున్న చతురస్రానికి ఎక్సెల్‌లో వేసింది ఇంతే:

```
=MAX(45, -PV(15%,3,10))
```

మిగిలిన మూడేళ్లు నడిపితే ఏడాది చివరి విలువ 22.83 లక్షలు, అమ్మితే 45 లక్షలు. కాబట్టి అమ్మేయాలి. బావ ఇక్కడ ఆగి, "మరి పెట్టిన కోటి?" అన్నాడు. ఆ కోటి అమ్మినా పోయిందే, నడిపినా పోయిందే. రెండు దారుల్లోనూ ఒకటే కాబట్టి ఆ చతురస్రంలో దానికి చోటు లేదు. గిరాకీ బాగున్న కొమ్మ మీద నడిపితే 114.16 లక్షలు, అక్కడ అమ్మే ప్రశ్నే రాదు.

ఇప్పుడు వెనక్కి వస్తే, మందం గిరాకీలో మొదటి ఏడాది 10, అమ్మకం 45, మొత్తం 55 లక్షలు. నేటి విలువ 47.83 లక్షలు కాబట్టి నష్టం 71.45 నుంచి 52.17 లక్షలకు తగ్గింది. 60, 40 శాతాలతో సగటు తీస్తే 4.78 లక్షల లాభం. ఇందాక 2.93 లక్షల నష్టం చూపిన ప్రాజెక్టే ఇది. మధ్యలో ఉన్న 7.71 లక్షలే ఆపేసే వీలుకున్న విలువ.

ఆ తర్వాత షెడ్డు అద్దె అగ్రిమెంట్ డ్రాఫ్ట్ చేతికొచ్చింది. అద్దె నెలకు 50 వేలు, మూడేళ్ల లాక్-ఇన్. ఏడాదికే ఖాళీ చేస్తే మిగిలిన రెండేళ్ల అద్దె 12 లక్షలు ఒకేసారి కట్టాలి. అంటే మన 45 లక్షలు కాస్తా 33 అవుతుంది. చెట్టులో ఆ అంకె మార్చగానే లాభం 61 వేలకు పడిపోయింది. అమ్మకం మీద కనీసం 31.26 లక్షలు మిగలకపోతే ప్రాజెక్టే నిలబడదు, 33 దాని అంచునే ఉంది. ఒక్క షరతు ధర ఇవాళ్టి విలువలో 4.17 లక్షలన్నమాట. ఇది తెలిశాక బేరం సులువైంది. నెలకు 5 వేలు అద్దె పెంచుతాం, లాక్-ఇన్ ఒక్క ఏడాదే ఉంచండి అన్నాం. పెరిగిన అద్దె భారం రెండు కొమ్మల మీద సగటున 1.24 లక్షలే. యజమాని ఒప్పుకున్నాడు. ప్రాజెక్టు విలువ 3.54 లక్షల దగ్గర ఆగింది.

60 శాతం సంగతి కూడా చెప్పాలి. బావ టిఫిన్ సెంటర్‌లోనే పిండి రుబ్బించి కొన్ని షాపులకు ఇచ్చి చూశాడు, అయిదింట మూడు షాపులు మళ్లీ అడిగాయి. కానీ అయిదింట మూడు షాపులు అడగడం వేరు, మొత్తం మార్కెట్లో గిరాకీ బాగుండే అవకాశం 60 శాతం ఉండటం వేరు. ఆ అంకె మా అంచనాయే. అందుకే దాన్ని నమ్ముకోకుండా, ఎంత తగ్గితే ప్రాజెక్టు పోతుందో చూశాం. ఆపేసే వీలు లేకపోతే గిరాకీ బాగుండే అవకాశం దాదాపు 63 శాతం ఉండాలి. వీలుంటే, అద్దె పెరిగాక కూడా, దాదాపు 56 శాతం చాలు. మా అంచనా ఈ రెంటి మధ్యలో పడింది కాబట్టే ఈ యూనిట్‌కు ఆ వీలు అంత ముఖ్యమైంది.

ఇంకొకటి మిగిలింది. గిరాకీ మందంగా ఉన్న రోజు బావ నిజంగా అమ్ముతాడా? "రెండో ఏడాది పుంజుకుంటుందేమో" అనిపించడం సహజం. పుంజుకుని ఏటా 35 లక్షలు వస్తాయనుకుని, దాన్నీ చెట్టుకు కొమ్మగా తగిలించాను. అలా పుంజుకునే అవకాశం దాదాపు 40 శాతం ఉంటేనే అమ్మకుండా నడపడం లాభం, అంతకంటే తక్కువైతే అమ్మేయడమే. పదో నెల నుంచి పన్నెండో నెల వరకు రోజువారీ అమ్మకం ఎన్ని కిలోలకు దిగితే మందం గిరాకీ కిందకు వస్తుందో కూడా రాసి, బావ చేత సంతకం పెట్టించాను. ఆ కాగితం అగ్రిమెంట్‌తో పాటు ఒకే ఫైల్లో ఉంది.