గుమాస్తా పోస్టుకు దరఖాస్తు: సాధన పుస్తకంలోంచి

రిటైరయ్యాక కొందరు మొక్కలు పెంచుతారు. నేను పరీక్షల్లో వచ్చే లేఖల ప్రశ్నలకు జవాబులు రాస్తుంటాను. సూపరింటెండెంట్‌గా పనిచేసిన రోజుల్లో నా బల్ల మీదికి వచ్చిన దరఖాస్తులకు లెక్కలేదు కాబట్టి, వాటిని చదివేవాడు ఏం వెతుకుతాడో తెలుసు. రాయడం మాత్రం ఇప్పుడే సాధన చేస్తున్నాను. మా మేనకోడలు గ్రూప్-1కి చదువుతోంది, అందుకే ఇద్దరం కలిసి కూర్చుంటున్నాం. ఈ వారాల్లో పట్టుకున్నది ఒకటే ప్రశ్న, గుమాస్తా పోస్టుకు దరఖాస్తు.

ముందుగా పరీక్ష లెక్క

ఏపీపీఎస్సీ గ్రూప్-1 మెయిన్స్‌లో తెలుగు పేపర్ 150 మార్కులకు, 180 నిమిషాలు. అర్హత కోసమే, ర్యాంకులో కలవదు. అందులో లేఖా రచన, దరఖాస్తు రచన వేరువేరు ప్రశ్నలు, ఒక్కోటి 10 మార్కులు. సమయాన్ని మార్కుల వంతున పంచితే ఒక దరఖాస్తుకు దక్కేది 12 నిమిషాలు. నిడివి 150 పదాలు అనుకుని సాధన చేస్తున్నాం.

ఈ 150 పదాల దగ్గరే అసలు పని ఉంది. చిరునామాలు, తేదీ, విషయం, సూచిక, సంబోధన, ముగింపు, జతపరచినవి అన్నీ కలిపి ముప్పై నుంచి నలభై పదాలు తినేస్తాయి. మిగిలిన నూటపదిలోనే మనిషి కనబడాలి.

ప్రశ్న

నేనే తయారుచేశాను. ఒక సహకార పరపతి సంఘంలో గుమాస్తా పోస్టు ఖాళీగా ఉంది. జూన్ 3న దినపత్రికలో ప్రకటన వచ్చింది, దరఖాస్తుకు చివరి తేదీ జూన్ 20. డిగ్రీ, తెలుగు టైపింగ్, కంప్యూటర్ పరిజ్ఞానం ఉండాలి. లెక్కల పుస్తకాలు రాసిన అనుభవం ఉంటే మంచిది. సభ్యుల రుణ ఖాతాలు, వాయిదాల వసూలు చూడాలి. కార్యదర్శికి దరఖాస్తు రాయండి, మీ పేరు అ.ఆ.ఇ. అనుకోండి.

ప్రకటనలోని షరతులను ఉద్దేశపూర్వకంగానే కాస్త వివరంగా పెట్టాను. అసలు పరీక్షలో ఒక్క వాక్యమే ఇవ్వొచ్చు. అప్పుడు షరతులు మనమే ఊహించుకోవాలి, కానీ ఊహించకుండా మాత్రం రాయకూడదు.

అమ్మాయి మొదటి చిత్తుప్రతి

పరీక్షల గైడ్లలో కనిపించే ధోరణిలోనే మొదలుపెట్టింది: "తమ సంస్థలో ఖాళీగా ఉన్న గుమాస్తా ఉద్యోగానికి అర్హులైన అభ్యర్థుల నుంచి దరఖాస్తులు కోరుతూ ప్రముఖ దినపత్రికలో వెలువడిన ప్రకటనను చూసి, నేను అందుకు అన్ని విధాలా అర్హురాలినని భావించి ఈ దరఖాస్తును తమకు సవినయంగా సమర్పించుకుంటున్నాను."

లెక్కపెట్టమన్నాను. ఇరవై ఏడు పదాలు. వాటిలో కార్యదర్శికి తెలియని సంగతి ఒక్కటీ లేదు. ఖాళీ ఉన్నట్టు ఆయనకు తెలుసు, ప్రకటన ఇచ్చిందీ ఆయనే.

"మరీ పొట్టిగా రాస్తే మర్యాద లేనట్టు ఉండదా మామయ్యా?" అంది.

మర్యాదంతా "కార్యదర్శి గారికి", "అయ్యా", "భవదీయురాలు" అన్న మూడు చోట్ల ఇమిడిపోతుందన్నాను. ప్రకటన సంగతి సూచిక పంక్తిలో ఉంది కదా, మళ్లీ వాక్యంలోకి మోసుకురానక్కర్లేదు. సూచిక అన్నది పుట్టిందే అందుకు.

రెండో పేరాలో "కష్టపడి పనిచేసే స్వభావం, నిజాయితీ, క్రమశిక్షణ" వచ్చాయి. మూడో పేరాలో నిరుపేద కుటుంబం, తల్లిదండ్రుల భారం. నా సర్వీసులో ఈ రెండు పేరాలూ ఎన్ని దరఖాస్తుల్లో చదివానో! ఎవరు రాసినా ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకరిని ఇంకొకరి నుంచి వేరు చేయవు. పరీక్షలో దిద్దేవారి పరిస్థితీ అదే. కట్టలో ముందున్న జవాబుకీ దీనికీ తేడా కనబడకపోతే ఎక్కువ మార్కు వేయడానికి ఆధారం ఏముంటుంది? ఇంటి కష్టాల పేరా మొత్తం కొట్టేయించాను. దానికి ఫీజు రాయితీ కోరే లేఖలో చోటుంది, ఇక్కడ లేదు.

బయోడేటా గొడవ

దరఖాస్తు అనగానే కింద పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, ఫోన్ నంబరు అంటూ పట్టిక గీసేవాళ్లున్నారు. ప్రశ్న అడిగితే తప్ప వద్దని మేం తేల్చుకున్నాం. "జతపరచినవి" కింద బయోడేటా అన్న ఒక్క మాట చాలు. పట్టికకు పదాలూ ఖర్చే, పైగా కలం జోరులో సొంత వివరాలు పడే ప్రమాదం ఉంది.

ఇది చిన్న విషయం కాదు. కేంద్ర ప్రభుత్వ గుమాస్తా పోస్టుల పరీక్ష ఎస్ఎస్‌సీ సీహెచ్ఎస్ఎల్‌లో వ్యాసం, లేఖలతో వివరణాత్మక పేపర్ ఉన్న రోజుల్లో, జవాబు పత్రం లోపల సొంత పేరు, రోల్ నంబరు, చిరునామా రాస్తే సున్నా అని నోటిఫికేషన్‌లోనే ఉండేది. ఏ పరీక్షకైనా ఇదే జాగ్రత్త మంచిది. ప్రశ్నలో ఇచ్చిన పేరే వాడాలి, ఇవ్వకపోతే అ.ఆ.ఇ. సంతకం కూడా అసలుది పెట్టకూడదు. ఊరి పేరు దగ్గర చేయి అలవాటుగా సొంత ఊరు రాసేస్తుంది, అక్కడ ఒక్క క్షణం ఆగాలి.

పట్టాలెక్కిన పద్ధతి

ఇప్పుడు రాయబోయే ముందు రెండు నిమిషాలు చిత్తు పని చేస్తున్నాం. పేజీ మధ్యలో నిలువు గీత. ఎడమ వైపు ప్రకటన అడిగినవి, కుడి వైపు దానికి జవాబుగా ఈ ఊహా అభ్యర్థి చేసిన పని. టైపింగ్‌కు ఎదురుగా "వచ్చు" అని రాస్తే చాలదు, ఏ పరీక్ష పాసయ్యిందో, తెలుగును దేనిలో టైప్ చేస్తుందో రాయాలి. రుణ ఖాతాలకు ఎదురుగా ఏం పెట్టాలా అని అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. అభ్యర్థికి బ్యాంకు అనుభవం ఉందని రాస్తే అతికినట్టు ఉండదు, అంత ఉన్నవాళ్లు ఈ పోస్టుకు ఎందుకొస్తారు? చివరికి ఎరువుల దుకాణం తట్టింది. రైతులకు అరువు ఇవ్వడం, పంట చేతికొచ్చాక వసూలు చేయడం అక్కడ రోజూ జరిగే పనే. పరపతి సంఘం పనికి దగ్గరి చుట్టం. ఆ ఒక్క ఊహతో లేఖ నిలబడింది.

ఇదీ ఇప్పటి ప్రతి:

అ.ఆ.ఇ.,
క.ఖ.గ. వీధి,
చ.ఛ.జ. పట్టణం.
తేది: 10-06-2025

కార్యదర్శి గారికి,
సహకార పరపతి సంఘం,
చ.ఛ.జ. పట్టణం.

విషయం: గుమాస్తా పోస్టుకు దరఖాస్తు – గురించి.
సూచిక: 03-06-2025 నాటి దినపత్రికలో మీ ప్రకటన.

అయ్యా,

పై ప్రకటన చూసి గుమాస్తా పోస్టుకు ఈ దరఖాస్తు పంపుతున్నాను.

నేను 2021లో బి.కాం. ప్రథమ శ్రేణిలో పూర్తి చేశాను. తెలుగు టైప్‌రైటింగ్ లోయర్ గ్రేడ్ పాసయ్యాను. తెలుగును యూనికోడ్‌లోనూ అను ఫాంట్లలోనూ టైప్ చేయగలను.

గత మూడేళ్లుగా ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు చూస్తున్నాను. రోజువారీ నగదు పుస్తకం రాయడం, రశీదులతో సాయంత్రానికి నిల్వ సరిచూడడం, రైతుల అరువు ఖాతాలు నెలనెలా తేల్చి బాకీ చీటీలు పంపడం నా పనులు. రెండేళ్ల కిందట ఆ ఖాతాలన్నీ పుస్తకాల నుంచి కంప్యూటర్‌లోకి నేనే ఎక్కించాను. సభ్యుల రుణ ఖాతాలు, వాయిదాల వసూలు చూసే ఈ పోస్టుకు ఆ అనుభవం నేరుగా ఉపయోగపడుతుంది.

మీరు సూచించిన తేదీన అసలు ధ్రువపత్రాలతో ఇంటర్వ్యూకు హాజరవుతాను. ఎంపికైతే పదిహేను రోజుల్లో చేరగలను.

భవదీయురాలు,
అ.ఆ.ఇ.

జతపరచినవి: బయోడేటా, డిగ్రీ, టైప్‌రైటింగ్ ధ్రువపత్రాల నకళ్లు, అనుభవ ధ్రువపత్రం.

మొత్తం నూట ఇరవై పదాల దరిదాపుల్లో ఉంది. ఇంకో ముప్పై పదాలకు చోటున్నా నింపాలని నాకు లేదు. అమ్మాయికి మాత్రం తక్కువ రాస్తే మార్కు తెగుతుందని టెన్షన్. అందుకని ఇంకో వాక్యం కావాలంటే మూడో పేరాలోనే చేర్చమన్నాను, అదీ పని గురించే: దుకాణంలో ఏడాది చివర ఆడిటర్‌కు పుస్తకాలు ఎలా సిద్ధం చేసేదో ఒక ముక్క.

చివరి నిమిషంలో చూసేవి

తేదీ ప్రకటనకూ చివరి తేదీకీ మధ్యలో పడిందా అని మొదట చూస్తాను. పరీక్ష రోజు తేదీ వేయడం అలవాటైనవాళ్లు, ప్రశ్నలో తేదీలు ఇచ్చినప్పుడు గడువు దాటిన దరఖాస్తు పంపినట్టవుతుంది. తర్వాత సంవత్సరాలు. 2021లో డిగ్రీ అయిన మనిషి 2025లో "ఏడేళ్ల అనుభవం" అంటే మధ్యలో లెక్క తప్పినట్టే. గుమాస్తా ఉద్యోగం అడిగే లేఖలోనే లెక్క తప్పితే ఇక చెప్పేదేముంది. లేఖలో చెప్పిన ప్రతి అర్హతకూ జతపరచినవాటిలో ఒక కాగితం ఉందా అన్నది మూడోది. ఆఫీసులో దరఖాస్తు చేతికి రాగానే గుమాస్తా చేసే మొదటి పనీ అదే, టిక్కులు పెట్టుకుంటూ పోవడం.

సంబోధనకూ ముగింపుకూ జోడీ కుదరాలి. అడ్డంకి ఎక్కువగా భాషలో వస్తోంది. "తమరు", "చిత్తగించవలెను" లాంటి పాత కచేరీ మాటలతో మొదలై, మధ్యలో "చూస్తున్నాను" అని వాడుక భాషలోకి దిగితే రెండు చేతులు రాసినట్టు ఉంటుంది. ఏదో ఒకటి పట్టుకోమన్నాను. వాడుక భాషే తేలిక, చేతికీ వేగం వస్తుంది. "అర్హుడను", "అర్హురాలను" తికమక ఉన్నచోట "నాకు అర్హత ఉంది" అనేస్తే ప్రశ్నలో ఏ పేరు ఇచ్చినా సరిపోతుంది.

ఎక్కడిదాకా వచ్చాం

మొదట్లో అమ్మాయికి పద్నాలుగు నిమిషాలు పట్టేది, అందులో సగం చిరునామాలు ఎటు వైపు రాయాలన్న తడబాటే. ఇప్పుడు చిత్తుతో కలిపి పదకొండులో ముగుస్తోంది. అన్నీ ఎడమ అంచుకే పెట్టేస్తోంది, జరపాల్సిన పని లేదు. గీతల కాగితం మీద తన చేతిరాతకు పంక్తికి ఐదారు పదాలు పడుతున్నాయి. కాబట్టి లేఖ ఒక పేజీ దాటి రెండో పేజీలో నాలుగైదు పంక్తులు ఆక్రమించిందంటే ఎక్కడో సోది చేరినట్టే. ఒక్కో పదం లెక్కపెట్టే తీరిక పరీక్ష హాల్లో ఉండదు, ఈ కొలతే నమ్ముకుంటోంది.

నా చేతికి మాత్రం ఇంకా పదమూడు నిమిషాలు. ఇంకు పెన్ను మానేసి జెల్ పెన్ను వాడమంటుంది. మానను.

వచ్చే వారానికి ఇదే దరఖాస్తును ఒక ఆసుపత్రి ఓపీ కౌంటర్ గుమాస్తా పోస్టుకు మార్చాలి. చట్రం అలాగే ఉంటుంది, డిగ్రీ పేరా దాదాపు అలాగే ఉంటుంది. ఎరువుల దుకాణం మాత్రం పనికిరాదు. వరుసలో నిలబడ్డ జనానికి విసుక్కోకుండా చీటీలు రాసిచ్చిన అనుభవం ఆ ఊహా అభ్యర్థికి ఎక్కడ దొరికి ఉంటుందో వెతకాలి. నేను మీసేవ కేంద్రం అంటున్నాను, తను బస్ పాసుల కౌంటర్ అంటోంది.