టమాటా డిమాండు, మూడు మొమెంట్ కండిషన్లు: జె టెస్టుతో నా అనుభవం

మదనపల్లె మార్కెట్ యార్డులో టమాటా ధర ఒక శాతం పెరిగితే కొనేవాళ్లు ఎంత శాతం సరుకు తగ్గించుకుంటారు? తిరుపతిలో ఎకనామిక్స్ పీహెచ్‌డీ చేస్తూ ఒక అధ్యాయమంతా ఈ ఒక్క సంఖ్య కోసమే, అంటే డిమాండు సాగుదల కోసమే రాశాను. 2022 జిల్లాల విభజన దాకా మదనపల్లె చిత్తూరు జిల్లాలోదే కాబట్టి నా డేటాలో ఎక్కువ భాగం పాత చిత్తూరు జిల్లాదే. జీఎంఎం అనే అంచనా పద్ధతి చదివినవాళ్లకు సిద్ధాంతం తెలిసే ఉంటుంది. అందులో మనం పెట్టుకున్న షరతులన్నీ ఒకదానితో ఒకటి పొసగుతాయో లేదో చూసే జె టెస్టు ఫలితం చేతికి వచ్చాక దాన్ని ఎలా చదవాలో మాత్రం నాకు ఈ పనిలోనే అర్థమైంది. అందుకే రాస్తున్నా.

మామూలు రిగ్రెషన్ ఇక్కడ ఎందుకు పనికిరాదో ముందు చెప్పాలి. టమాటా నిలవ ఉండే సరుకు కాదు, పొద్దున దిగింది ఆ రోజే అమ్ముడుపోవాలి. అలాగని ఎంత దిగుతుందనేది ధరతో సంబంధం లేకుండా తేలేది కాదు. రేటు బాగుందని మండీ నుంచి ఫోన్ వస్తే రైతు ఒకరోజు ముందే కోయిస్తాడు, పడిపోయిందంటే రెండు రోజులు ఆపుతాడు. ధర, పరిమాణం ఒకదాన్నొకటి లాగుతుంటాయి. డిమాండు వైపు ఏదైనా కుదుపు వస్తే, ఉదాహరణకు పెళ్లిళ్ల సీజన్ మొదలైతే, రెండూ కలిసి పెరుగుతాయి. ఆ కుదుపు మన మోడల్లో u. ధర లాగ్‌కూ u కూ సంబంధం ఉన్నప్పుడు సాధారణ రిగ్రెషన్ ఇచ్చే సాగుదల సున్నా వైపు జరిగిపోతుంది.

కాబట్టి సరఫరాను కదిలించి, డిమాండును తాకని విషయాలు కావాలి. వాటినే ఇన్‌స్ట్రుమెంట్లు అంటాం. నేను మొదట మూడు తీసుకున్నాను. ఒకటి, గత రెండు రోజుల వాన: తోటల్లో కోత ఆగుతుంది. రెండోది, 65 రోజుల కిందటి వాన: నాట్ల సమయంలో తడి ఎంత ఉందో ఇప్పటి పంట మీద కనిపిస్తుంది. మూడోది, కర్ణాటకలోని కోలార్ మార్కెట్‌కు ఆ రోజు వచ్చిన సరుకు: పక్క పక్క ప్రాంతాలు, వాతావరణం ఒకేలా ఉంటుంది కాబట్టి మన సరఫరాతో పాటే కదులుతుంది. ఒక్కో ఇన్‌స్ట్రుమెంట్‌ను z అనుకుంటే, దానికి ఒక మొమెంట్ కండిషన్: E[z_t·u_t] = 0. వారం రోజులు, నెలలు, పండగల డమ్మీలు తమకు తామే ఇన్‌స్ట్రుమెంట్లు, వాటిని లెక్కలోంచి తీసేస్తే తెలియని సంఖ్య ఒక్కటే, సాగుదల b. షరతులు మాత్రం మూడు.

శాంపుల్లో మూడు షరతులనూ ఒకే b తో పూర్తిగా సున్నా చేయడం కుదరదు. వాటి సగటుల వెక్టర్‌ను ḡ(b) అనుకుంటే, జీఎంఎం దాన్ని ఒక వెయిటింగ్ మ్యాట్రిక్స్‌తో తూచి వీలైనంత చిన్నది చేస్తుంది. అలా చేశాక మిగిలినదే మన పరీక్ష:

```
J = T · ḡ(b̂)' Ŝ⁻¹ ḡ(b̂)
```

T అంటే డేటాలోని రోజుల సంఖ్య. షరతులన్నీ నిజమైతే ఇది కై-స్క్వేర్, డిగ్రీలు 3 − 1 = 2. 1982లో లార్స్ హాన్సెన్ పేపర్ ఈ ఫలితాన్ని సాధారణ రూపంలో నిలబెట్టింది. అంతకుముందు 1958లో సార్గన్ ఇన్‌స్ట్రుమెంట్ల కోసం ఇలాంటి పరీక్షనే చూపించాడు. ఇక్కడ Ŝ ఏదో ఒక మ్యాట్రిక్స్ అయితే చాలదు. అది z_t·u_t యొక్క దీర్ఘకాల వేరియన్స్‌కు సరైన అంచనా అయి ఉండాలి. నా డేటా రోజువారీది. ఇవాళ డిమాండు బలంగా ఉంటే రేపూ అలాగే ఉంటుంది. ఆ వరస సంబంధాన్ని పట్టించుకోకపోతే Ŝ చిన్నదైపోయి, జె అనవసరంగా ఉబ్బిపోతుంది. అందుకని న్యూయీ-వెస్ట్ పద్ధతిలో 12 రోజుల లాగ్‌లు పెట్టాను. స్టేటాలో bw(13) అంటే అదే:

```
ivreg2 lnq (lnp = rain2 rain65 kolar) i.dow i.month ///
    fest, gmm2s robust bw(13) orthog(kolar)
```

మొదటి ఫలితం: b = −0.43, జె = 7.9. రెండు డిగ్రీలకు 5 శాతం హద్దు 5.99. పి-విలువ 0.019. షరతులు మూడూ ఒకేసారి నిజం కాలేవని డేటా చెబుతోంది.

ఏది తప్పో జె చెప్పదు. అందుకని ఒక్కో ఇన్‌స్ట్రుమెంట్‌నే పెట్టి b ని విడివిడిగా అంచనా వేశాను. రెండు రోజుల వానతో −0.72 (ప్రామాణిక దోషం 0.15), పాత వానతో −0.35 (0.40), కోలార్‌తో −0.08 (0.17). జె టెస్టును పక్కన పెట్టి ఈ మూడు సంఖ్యలనే ఒకచోట రాసుకుని చూడమని ఎవరికైనా చెబుతాను. ఎందుకంటే జె చేసేది ఇదే: ఒక్కో ఇన్‌స్ట్రుమెంట్ ఇచ్చే జవాబులు, వాటి దోషాలతో పోలిస్తే, ఒకదానికొకటి ఎంత దూరంగా ఉన్నాయని అడగడం. ఇక్కడ దూరంగా నిలబడింది కోలార్.

కారణం మదనపల్లె యార్డులోనే దొరికింది. పొద్దున వేలం అయ్యాక క్రేట్లు లారీకి ఎక్కిస్తుంటే ఒక మండీ యజమానిని అడిగాను. "కోలార్‌లో సరుకు దండిగా దిగిందంటే చెన్నై పార్టీలు అటే పోతారమ్మా. వాళ్లకేముంది, యాడ చౌకైతే ఆడ కొంటారు" అన్నాడాయన. అంటే కోలార్ సరుకు మా సరఫరాను సూచించడమే కాదు, మా డిమాండునే తగ్గిస్తోంది. దీనితో తప్పు ఎటు వైపు ఉంటుందో కూడా తేలిపోతుంది. ఒక్క ఇన్‌స్ట్రుమెంట్‌తో వచ్చే అంచనా అసలు b కి cov(z,u)/cov(z,p) కలిపితే వచ్చేది. కోలార్ సరుకు పెరిగితే ఇక్కడి డిమాండూ తగ్గుతుంది, ధరా తగ్గుతుంది. రెండు కోవేరియన్సులూ రుణమే కాబట్టి నిష్పత్తి ధనం. అంచనా సున్నా వైపు జరగాలి. −0.08 సరిగ్గా అటే ఉంది. కోలార్ షరతు ఒక్కదాన్నే పరీక్షించడానికి orthog ఇచ్చే సి-స్టాటిస్టిక్ కూడా ఇదే మాట చెప్పింది: 7.1, ఒక డిగ్రీ, పి 0.008. కోలార్‌ను తీసేశాను.

ఇక్కడ ఒక జాగ్రత్త. సి-స్టాటిస్టిక్ మిగిలిన రెండూ మంచివని ముందే ఒప్పుకుని కోలార్‌ను పరీక్షిస్తుంది. మండీలో విన్న మాట, తప్పు ఎటు ఉంటుందన్న లెక్క లేకపోతే, మూడింటిలో ఇద్దరిది ఒక మాట, ఒకరిది ఒక మాట అయినంత మాత్రాన ఆ ఒక్కటే తప్పని చెప్పే హక్కు నాకు లేదు.

రెండు వానలతో మళ్లీ నడిపితే b = −0.67, జె = 0.8, ఒక డిగ్రీ, పి 0.37. చాలా థీసిస్‌ల్లో కథ ఇక్కడ ముగుస్తుంది: "ఓవర్‌ఐడెంటిఫికేషన్ టెస్టు పాసైంది, ఇన్‌స్ట్రుమెంట్లు సరైనవే." నాకు ఆ పి-విలువ మీద నమ్మకం కుదరలేదు. మొదటి కారణం, పాత వాన బలహీనం. దాని మొదటి దశ ఎఫ్ విలువ 4 దగ్గరే ఉంది, సాధారణంగా చెప్పుకునే 10 కి చాలా తక్కువ. దాని దోషం 0.40 కాబట్టి అది −0.72 తోనూ సరిపోతుంది, −0.08 తోనూ సరిపోతుంది. ఎవరితోనైనా ఒప్పుకునే ఇన్‌స్ట్రుమెంట్‌ను జోడిస్తే జె ఎలాగూ పాసవుతుంది. రెండో కారణం ఇంకా లోతైనది. రెండూ వానే. వానకు డిమాండుతో నేరుగా ఏదైనా సంబంధం ఉంటే రెండు షరతులూ ఒకే వైపు తప్పొచ్చు, రెండూ ఒకే తప్పు జవాబు చెప్పొచ్చు, జె కి ఏమీ కనిపించదు. ఒకే ఇంటివాళ్లు ఇద్దరు చెప్పిన సాక్ష్యం లాంటిదది.

ఆ అనుమానానికి ఆధారం కూడా ఉంది. వానకు తడిసిన కాయ పగులుతుంది, మచ్చ పడుతుంది, దూరం పోయే లారీలో కుళ్లుతుంది. అలాంటి రోజున అదే ధరకు వ్యాపారి తక్కువ కొంటాడు. అప్పుడు రెండు రోజుల వానకు u తో కోవేరియన్స్ రుణం, ధరతో ధనం. అంచనా అసలు కంటే ఎక్కువ రుణంగా కనిపిస్తుంది. −0.72 అలా వచ్చిందేమో!

కాబట్టి వానతో పనిలేని, వేరే దారిలో సరఫరాను కదిలించే ఇన్‌స్ట్రుమెంట్ కావాలి. దానికి మన రైతుల అలవాటే దారి చూపింది. ధర పలికినప్పుడు అందరూ నాటుతారు, కోతకు వచ్చేసరికి సరుకు ముంచెత్తుతుంది. అంటే 65 రోజుల కిందటి ధర ఇవాళ్టి సరఫరాను కదిలిస్తుంది. అప్పటి ధరకు ఇవాళ్టి డిమాండు కుదుపుతో సంబంధం లేకపోతేనే షరతు నిలబడుతుంది. అంటే డిమాండు కుదుపులు రెండు నెలలకు పైగా కొనసాగకూడదు. నెలల డమ్మీలు సీజన్‌ను తీసేస్తాయి. మిగిలిన రెసిడ్యువల్స్‌లో 65వ లాగ్ దగ్గర సంబంధం సున్నాకు దగ్గరగానే ఉంది. ఇది రుజువు కాదు. కానీ ఈ షరతు తప్పడానికి ఉండే కారణం వాన షరతు తప్పే కారణం కాదు, నాకు కావలసింది అదే.

పాత ధర ఒక్కదానితో −0.50 (0.14). దాన్ని రెండు వానలతో కలిపితే b = −0.59 (0.10), జె = 1.5, రెండు డిగ్రీలు, పి 0.47. రెండు రోజుల వానను మాత్రం విడిగా పరీక్షిస్తే సి 1.4, పి 0.24. తిరస్కరణ లేదు.

ఈ "లేదు" ఎంత గట్టిదో కూడా లెక్క వేశాను. రెండు రోజుల వాన తీసేస్తే మిగిలిన రెండింటి అంచనా −0.48, దోషం 0.13. వాన అంచనా −0.72, దోషం 0.15. తేడా 0.24, ఆ తేడా దోషం దాదాపు 0.20. అంటే రెండింటి మధ్య 0.4 దాకా ఎడం ఉంటే తప్ప 5 శాతం స్థాయిలో ఈ పరీక్ష దాన్ని పట్టలేదు. పగిలిన కాయల ప్రభావం 0.2 అయితే నా డేటాతో జె కి అది కనిపించే అవకాశం తక్కువ. దీన్ని చూశాక మా గైడ్ సార్‌తో, "ఒక్క వరుస చాలదు సార్, రెండూ వేస్తాను" అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. టేబుల్లో రెండు రోజుల వానతో −0.59, అది లేకుండా −0.48, పక్కనే ఒక్కో ఇన్‌స్ట్రుమెంట్ విడిగా ఇచ్చిన అంచనాలు పెట్టాను. జె, దాని పి-విలువ కింది వరుసలో ఉన్నాయి. వాటి కింద నోట్‌లో, 0.4 కంటే చిన్న ఎడాన్ని ఈ పరీక్ష పట్టలేదని రాశాను.