ఈ చందమామ పరిగెత్తతా ఉండాది

ఆదివారం, కావలి.

టిఫిన్ అయ్యాక మావయ్య 'రావోయి చందమామ' పెట్టమన్నాడు. యాప్‌లో పేరు కొడితే ఇరవైకి తక్కువ కాకుండా వచ్చాయి. అన్నిటికీ అదే పేరు, సగానికి పైగా అదే ఎన్టీఆర్, సావిత్రి బొమ్మ. మొదటిది నొక్కాను. పల్లవి పూర్తికాకముందే మావయ్య చెయ్యి ఊపేశాడు.

"ఏందిరా అబ్బయా ఇది? ఆ పాప ఎవురు? లీల గొంతా ఇది?"

కింద చిన్న అక్షరాల్లో వేరే గాయని పేరుంది. ఎవరో మళ్లీ పాడిన పాటకి మిస్సమ్మ బొమ్మ తగిలించారు. రెండోది 'ఘంటసాల హిట్స్' అనే సంకలనంలోది. ఈ పాట పాడింది ఏ.ఎం. రాజా, పి. లీల, ఘంటసాలకి సంబంధమే లేదు. తమాషా ఏంటంటే తీరా విన్నాక అందులో గొంతులు మాత్రం అసలువే. పేరు సరిగ్గా ఉన్నది తప్పు పాట, తప్పు ఉన్నది అసలు పాట!

సంవత్సరం చూసి ఏరుదామనుకుంటే అదీ కుదరలేదు. మిస్సమ్మ 1955లో వచ్చింది. యాప్‌లో ఒకచోట 2011, ఇంకోచోట 2019. ℗ గుర్తు పక్కన ఉండాల్సింది ఆ రికార్డింగ్ మొదట విడుదలైన ఏడు, కానీ సంకలనం వేసేవాళ్లు చాలామంది సంకలనం వేసిన ఏడే పెడతారు. మన దేశంలో రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లే. అంటే 1955 నాటి రికార్డింగు 2016 నుంచి ఎవరైనా ఎక్కించుకోవచ్చు (మాటలకీ బాణీకీ లెక్క వేరే). ఇన్ని పేర్లతో ఇన్ని కాపీలు తేలడానికి అదొక కారణం.

ఇంక చెవులే దిక్కు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కో చెవి తీసి చూశాను. అప్పటి పాట మోనో, రెండు చెవుల్లోనూ ఒకటే వినపడాలి. ఒకదాంట్లో ఎడమవైపు వయొలిన్లు, కుడివైపు తబలా, మధ్యలో కీబోర్డు మీద వాయించిన వేణువు. అది కొత్తగా వాయించుకున్నదే, సందేహం లేదు. ఇంకోదాంట్లో గొంతులు అవే గానీ బావిలోంచి వస్తున్నట్టున్నాయి. అసలుకే ఎకో కలిపి స్టీరియో చేసినట్టున్నారు. అట్లా తీసేసుకుంటూ పోతే చివరికి రెండు మిగిలాయి. రెండూ మోనో, అవే గొంతులు, అవే వాద్యాలు. ఎటూ తేలక రెండూ మావయ్యకి వినిపించాను.

మావయ్య ముప్పై ఏళ్లు చుట్టుపక్కల ఊళ్లలో పద్యనాటకాలకి హార్మోనియం వాయించాడు. మొదటిది వినగానే "పరిగెత్తతా ఉండాదిరా ఇది" అన్నాడు. అటక మీది పెట్టె దించమని, దుమ్ము దులిపి, షడ్జమం పట్టి చూశాడు. రెండో పాట శ్రుతి ఒక మెట్టు మీద చక్కగా కూర్చుంది. మొదటిది ఆ మెట్టుకీ పైమెట్టుకీ మధ్యలో, పైదానికి దగ్గరగా ఆగింది. ఏ మెట్టు నొక్కినా కీచుమంటుంది.

అప్పుడు వెలిగింది నాకు. సినిమా రీలు సెకనుకి 24 ఫ్రేములు. మన టీవీ పద్ధతి 25. పాత వీడియో క్యాసెట్టుకో వీసీడీకో ఎక్కించేటప్పుడు చాలాసార్లు రీలునే 25 వేగంతో తిప్పేసేవాళ్లు. చూడ్డానికి తేడా తెలీదు గానీ పాట నాలుగు శాతం వేగమవుతుంది. 3 నిమిషాల 20 సెకన్ల పాట 3:12కే అయిపోతుంది, శ్రుతి అరమెట్టు కంటే కాస్త ఎక్కువే పైకి పోతుంది. ఫోన్‌లో రెండింటి నిడివీ చూశాను. మొదట్లో, చివర్లో ఉన్న నిశ్శబ్దం తీసేస్తే తేడా ఏడెనిమిది సెకన్లే! పైగా వేగంగా ఉన్నదాని మొదట్లో సినిమాలోని మాట ఒక ముక్క తెగి వినపడుతోంది. వీడియో నుంచి లాగిందే.

"అయితే రెండోది రికార్డు నుంచి తీసిందా?" అన్నాడు మావయ్య. సన్నగా చిటపటలున్నాయి, మాటల్లేవు, కాబట్టి అయ్యుండొచ్చు. శ్రుతి మెట్టు మీద కూర్చున్నంత మాత్రాన రుజువైపోయినట్టు కాదని కూడా చెప్పాను, నిమిషానికి 78 చుట్లు తిరగాల్సిన పాత రికార్డులూ అన్నీ సరిగ్గా ఆ వేగానికే కోసినవి కావు గదా. మావయ్యకి ఆ ముక్క నచ్చలేదు. "నా పెట్టె చెప్తా ఉంటే ఇంకేం కావాల్రా" అన్నాడు.

రెండోదాన్ని మావయ్య లిస్టులో పెట్టి, గుర్తుకి దాని నిడివీ సంకలనం పేరూ ఈ పేజీ మూలన రాసుకున్నాను. ఈ కాపీలు ఉన్నట్టుండి మాయమవుతుంటాయి. పాట అయిపోగానే యాప్ దానంతటదే తర్వాతది అందుకుంది. మళ్లీ 'రావోయి చందమామ', ఈసారి డ్రమ్స్‌తో. మావయ్య హార్మోనియం మూత వేసి పేపర్ తీసుకున్నాడు.