తమ్ముడి కోసం రాసిన ఐదు లైన్లు

మా తమ్ముడికి చిన్నప్పటి నుంచి నత్తి. నల్లగొండ దగ్గర మా ఊళ్లో నాలుగెకరాల బత్తాయి తోట చేస్తాడు. రైతుల మీటింగులో తోట గురించి చెప్పమని పిలిస్తే, ముందుగా తనను తాను పరిచయం చేసుకునే మాటలు నన్ను రాయమన్నాడు.

నేను రాసిన మొదటి లైను ఇది: "సభాధ్యక్షులకు, ముఖ్య అతిథులకు, రైతు సోదరులందరికీ హృదయపూర్వక నమస్కారాలు." వాడు ఒకసారి చదివి కాగితం పక్కన పెట్టేశాడు. అంత పొడవు వాక్యంలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నాకే తెలియదు.

దాన్ని "అందరికీ నమస్కారం" అని కుదించాను. ప, బ, క లాంటి అక్షరాల దగ్గరే నత్తి పడుతుందని, అచ్చులు తేలికని అనుకున్నాను. వాడు మాత్రం 'అ' దగ్గరే ఆగిపోయాడు. "అక్కా, మొదట్లో 'అ' వస్తే నా గొంతు మూసుకుపోతది" అన్నాడు. ఏది తేలికో నేను ఊహించకుండా వాడినే అడగాల్సింది. ఒక్కొక్కరికి ఒక్కో శబ్దం కష్టం. వాడికి మ, న, వ, స సులువు. 'మ' అనేటప్పుడు పెదాలు మెల్లగా కలిసి ఉండగానే గొంతు మోగడం మొదలవుతుంది, సాగదీయొచ్చు కూడా. అందుకే ముందు 'మీ' చేర్చాం. "మీ అందరికీ నమస్కారం" అంటే 'మీ' ఊపులోనే 'అ' జారిపోయింది.

వాడి పేరు 'ప్ర'తో మొదలవుతుంది. పేరు మార్చలేం కదా. "నా పేరు" అంటే ముందే ఇంకో 'ప' అడ్డం. అందుకని "నేను" అని పెట్టాం. చివరి 'ను'ను కొంచెం సాగదీసి, పెదాలు గట్టిగా నొక్కకుండా తాకించి, పేరులోకి వెళ్లాలి. 'బత్తాయి'ని తీసేయలేదు. తోట పేరే చెప్పకుండా ఎలా? దాన్ని వాక్యం మధ్యలోకి జరిపాను. తెలుగులో మాటలు ముందూ వెనకా జరపడానికి వీలుంటుంది, అది కలిసొచ్చింది.

చివరికి మిగిలినవి ఇవి, లైనుకొక ఊపిరి:

మీ అందరికీ నమస్కారం.
నేను (పేరు).
మాది నల్లగొండ పక్క ఊరు.
నాలుగెకరాల్లో బత్తాయి వేసిన.
నాకు నత్తి ఉంది, మెల్లగా చెప్త.

చివరి లైను వాడే కలిపాడు. దాచాలన్న టెన్షనే ఎక్కువ బిగబట్టిస్తుందట.

పెద్ద అక్షరాలతో రాసి, మొదట ఇద్దరం కలిసి చదివాం. కలిసి చదివితే ఎక్కడా ఆగలేదు. తర్వాత నేను గొంతు తగ్గించుకుంటూ పోయి ఊరుకున్నాను. ఒంటరిగా చదివినప్పుడు ఆగిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టాం. మూడు రోజులకు గీతలు రెండే మిగిలాయి.

మైకు దగ్గర ఉండే అతనికి ముందే చెప్పాను: ఆగితే మీరు పేరు అందించొద్దు, ఆగండి చాలు. ఆ రోజు వాడు పేరు దగ్గర ఆగాడు, చాలాసేపే. ఎవరూ అందించలేదు. కళ్లు కిందికి వేసి, ఊపిరి వదిలి, మళ్లీ "నేను" నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి పేరు వచ్చింది. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చెట్లకు నీళ్లు ఎప్పుడు ఆపాలో చెప్పడం మొదలుపెట్టాడు.