కారు అమ్మే ముందు వేసిన లెక్క

2019లో కొన్న మా కారు విశాఖలో సీతమ్మధార అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వారానికి అయిదు రోజులు కవరు కప్పుకుని నిద్రపోయేది. సిరిపురంలో ఆఫీసు, స్కూటర్ మీద పది నిమిషాలు. ఒకసారి సెల్ఫ్ తగలకపోతే మెకానిక్ వచ్చి, "వాడకపోతే బ్యాటరీ ఇలాగే పోతుంది సార్, వాడినా వాడకపోయినా" అన్నాడు. వాడకపోయినా అయ్యే ఖర్చు ఎంతో నేనెప్పుడూ చూసుకోలేదని అప్పుడు తట్టింది.

2024 జనవరి ఒకటిన ఓడోమీటర్ ఫోటో తీసుకున్నాను. ఏడాది చివర్న మళ్లీ చూస్తే 4,400 కిలోమీటర్లు. అందులో శ్రీకాకుళం పక్కన మా ఊరికి ఎనిమిది ట్రిప్పులు, రానుపోను ఒక్కోటి 250. అరకు, అన్నవరం ఒక్కోసారి, రెండూ కలిపి 500. మిగతా 1,900 విశాఖలోనే.

ఇక్కడ చాలామంది చేసే తప్పు నేనూ చేశాను. పెట్రోల్, సర్వీసు, ఇన్సూరెన్స్ మాత్రమే కూడాను. పెట్రోల్ 32,000 అయింది. మొత్తం అరవై వేలు కూడా దాటలేదు. "ఇంతేనా, క్యాబ్‌లకే ఎక్కువ అవుతుంది" అనుకున్నాను. జేబులోంచి పోని డబ్బు లెక్కలోకి రాలేదు. కారు విలువ తగ్గడం అన్నిటికంటే పెద్ద ఖర్చు, కానీ దానికి బిల్లు రాదు.

దాన్ని కొన్న ధర నుంచి లెక్కపెట్టకూడదని కూడా తర్వాతే తెలిసింది. 7.4 లక్షలకు కొన్నానన్నది ఇప్పుడు అనవసరం, ఆ డబ్బు ఎలాగూ తిరిగి రాదు. అడగాల్సిన ప్రశ్న ఇది: ఈరోజు అమ్మితే ఎంత, వచ్చే ఏడాది అమ్మితే ఎంత? ఇద్దరు సెకండ్‌హ్యాండ్ డీలర్లను అడిగాను. నా కారుకి 4.4 లక్షలు, అదే మోడల్ ఇంకో ఏడాది పాతదైతే 3.95. అంటే ఉంచుకుంటే పోయేది 45,000. అమ్మితే వచ్చే 4.4 లక్షలు ఏడు శాతం వడ్డీకి ఫిక్స్‌డ్‌లో వేస్తే 31,000 వస్తుంది, అదీ వదులుకుంటున్నట్టే. ఇన్సూరెన్స్ 11,000. సర్వీసు, నెలనెలా కడిగే కుర్రాడికి ఇచ్చేది కలిపి 14,000. టైర్లు, బ్యాటరీ ఏళ్ల మీద పంచితే ఏడాదికి 6,000. కదిలినా కదలకపోయినా 1,07,000. పెట్రోల్ కలిపితే 1,39,000. కిలోమీటరుకు దాదాపు 32 రూపాయలు పడింది!

అప్పుడు రెండో వైపు లెక్క వేశాను. ఊళ్లో క్యాబ్ సగటున కిలోమీటరు 22 రూపాయలు పడింది, వానలో రేటు పెరిగిన రోజులు కూడా కలుపుకుంటే. 1,900 కిలోమీటర్లకు 42,000. తేడా చేసేది ఊరి ట్రిప్పులే. ట్రావెల్స్ వాళ్ల దగ్గర కిలోమీటరు 13 అని విని సంబరపడ్డాను, కానీ రోజుకు కనీసం 300 కిలోమీటర్లు లెక్క కడతారు. నేను తిరిగేది 250 అయినా 3,900, డ్రైవర్ బత్తా 400, టోల్ వేరు. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేస్తే మొత్తం 4,600లో అయిపోతుంది. అదే ఒక రాత్రి ఉండిపోతే రెండు రోజులు, 600 కిలోమీటర్ల కింద కడతారు. మనం వాకిట్లో కబుర్లు చెప్పుకుంటుంటే కారు చెట్టు కింద నిలబడి 7,800 తింటుంది. రాత్రి ఉండే ట్రిప్పులకు సెల్ఫ్ డ్రైవ్ నయం: రెండు రోజులకు 4,400, పెట్రోల్ 1,800. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవి నాలుగు, రాత్రి ఉండేవి నాలుగు, అరకు, అన్నవరం కూడా సెల్ఫ్ డ్రైవే. ఊళ్లో క్యాబ్‌లతో కలిపి ఏడాదికి 98,000 వచ్చింది. 41,000 మిగులు.

నా కారుకి ఎక్కడ లాభనష్టాలు సమానమవుతాయో కూడా చూశాను. బయటి కారు సగటున 22, సొంత కారు పెట్రోల్ ఏడు రూపాయల పైచిలుకు. కిలోమీటరుకు మిగిలేది 15. ఆ 15తో 1,07,000 రాబట్టాలంటే ఏడాదికి ఏడు వేల కిలోమీటర్ల పైన తిరగాలి. కొత్త కారైతే విలువ ఇంకా వేగంగా పడుతుంది కాబట్టి ఆ గీత ఇంకా పైకి పోతుంది.

కాగితం మీద లెక్కని నమ్మి వెంటనే అమ్మలేదు. 2025 జనవరి, ఫిబ్రవరి నెలలు తాళం చెవి బీరువాలో పెట్టేశాను. సంక్రాంతికి ఊరెళ్దామని వారం ముందు సెల్ఫ్ డ్రైవ్ వెతికితే ఒక్క బండీ దొరకలేదు. చివరికి ఒకతను తక్కువకే ఇస్తానన్నాడు, వెళ్లి చూస్తే తెల్ల నంబర్ ప్లేటు. అద్దెకిచ్చే సెల్ఫ్ డ్రైవ్ బండికి నల్ల ప్లేటు మీద పసుపు అంకెలు ఉండాలి. సొంత వాడకానికి రిజిస్టరైన కారుని అద్దెకు తీసుకుని యాక్సిడెంట్ చేస్తే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ కొట్టేయడానికి అదొక్కటి చాలు. వద్దని ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కాం. నలుగురం, మూడు సంచులు, అరిసెల డబ్బా. మా బావమరిది బస్టాండ్‌కి వచ్చి, "ఏటి బావా, కారుండీ బస్సులో వచ్చీసినావేటి?" అన్నాడు. ఆ మాట లెక్కలో ఏ గడిలో రాయాలో తెలియలేదు.

ఫిబ్రవరిలో అద్దె బండి ఇచ్చేటప్పుడు బంపర్ మీద గీత చూపించి డిపాజిట్‌లో రెండు వేలు కోస్తామన్నారు. తీసుకునేటప్పుడు చుట్టూ తిరిగి తీసిన వీడియో ఫోన్లో ఉండబట్టి ఊరుకున్నారు. వీడియోలో ఓడోమీటర్, పెట్రోల్ ముల్లు కూడా పడాలి.

ఆ రెండు నెలల్లో ఖర్చు నా అంచనా కన్నా తగ్గింది. మా ఆవిడ అందుకు కారణం చెప్పింది: "ఆదివారం భీమిలి వెళ్లామా? సింహాచలం వెళ్లామా? వెళ్లకపోతే మిగలదా మరి!" నిజమే. క్యాబ్ ప్రతిసారీ ఫోన్లో రేటు చూపిస్తుంది, అది చూసి సగంసార్లు ఆగిపోతాం. సొంత కారు ఏమీ అడగదు కాబట్టి ఉచితం అనిపిస్తుంది. అందుకని మిగిలే 41,000లో 15,000 తిరుగుళ్లకని పక్కన పెట్టాం. అది ఖర్చు చేసి తీరాలని ఆవిడ షరతు.

మార్చిలో అమ్మేశాం. లోను ఎప్పుడో తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు తీయించలేదు. బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 పెట్టి అది తీయించాకే ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు. బండి ఇచ్చిన తేదీ, సమయం రాసిన కాగితం మీద కొన్నతని సంతకం తీసుకున్నాను. ఆర్సీ అతని పేరుకి మారేదాకా యాక్సిడెంట్ అయితే రిజిస్టర్డ్ ఓనర్‌గా నోటీసు నాకే వస్తుంది. ఫాస్టాగ్ మూయించాను, లేకపోతే అతని టోల్ నా ఖాతాలోంచి పోతుంది.

డీలర్ చెప్పనిది ఒకటుంది. అయిదేళ్లు క్లెయిమ్ లేనందువల్ల నాకు యాభై శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది. అది బండిది కాదు, ఓనర్‌ది. అమ్మిన రుజువులు ఇచ్చి ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర లెటర్ తీసుకుంటే మూడేళ్ల లోపు కొనే కారు పాలసీకి వాడుకోవచ్చు. తగ్గేది ఓన్ డ్యామేజ్ ప్రీమియంలోనే, థర్డ్ పార్టీలో కాదు.

ఆ లెటర్ ఇప్పుడు బీరువాలో తాళం చెవి ఉండే చోట ఉంది, గడువు 2028 మార్చి. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఊళ్లో ఒంటరిగా ఉండలేక మా దగ్గరికి వచ్చేసి, వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తిప్పాల్సి వస్తే కిలోమీటర్లు మళ్లీ లెక్కపెట్టాలి.