యాంటిసిపేషన్ కేసు వస్తే బిడ్డ దగ్గర ఆగకండి, తల్లి చేయి చూడండి

ట్రైన్యూక్లియోటైడ్ రిపీట్స్ అనగానే అందరం ముందు ఒక టేబుల్ రాసుకుంటాం. హంటింగ్టన్‌కి సీఏజీ, ఫ్రాజైల్ ఎక్స్‌కి సీజీజీ, ఫ్రీడ్రైక్ అటాక్సియాకి జీఏఏ, మయోటోనిక్ డిస్ట్రోఫీకి సీటీజీ. టేబుల్ రావాల్సిందే, కాదనను. కానీ పీజీ ఎంట్రన్స్‌లో ప్రశ్న కేసు రూపంలో వస్తే అది సగం దూరమే తీసుకెళ్తుంది. అందుకే నేను మయోటోనిక్ డిస్ట్రోఫీ టైప్ 1 ఒక్కదాన్నే పట్టుకుని, ఒక కుటుంబాన్ని ఊహించుకుని, తెల్ల కాగితం మీద మూడు తరాల వంశవృక్షం గీసి చదివాను. అది పట్టుబడ్డాక మిగతా జబ్బులన్నీ దీనికి తేడాలుగా గుర్తుండిపోయాయి.

కుటుంబం ఇది. అప్పుడే పుట్టిన బిడ్డ, ఒళ్లంతా మెత్తగా వేలాడిపోతోంది, పాలు పట్టలేకపోతోంది, ఊపిరికి వెంటిలేటర్ అవసరమైంది, పై పెదవి గుడారంలా పైకి లేచి ఉంది, పాదాలు వంకర. కడుపులో ఉన్నప్పుడు కదలికలు తక్కువ, ఉమ్మనీరు ఎక్కువ. ఇక్కడ చాలామంది బిడ్డలో మయోటోనియా కోసం వెతుకుతారు. పుట్టినప్పుడు అది కనిపించదు, కొన్నేళ్ల తర్వాతే వస్తుంది. కాబట్టి చూడాల్సింది తల్లిని. ఆమెకు 28 ఏళ్లు, తనకేం జబ్బు లేదనే చెబుతుంది. కరచాలనం చేస్తే మాత్రం పట్టిన చేయి వెంటనే వదలలేదు, వేళ్లు ఒక్కొక్కటిగా మెల్లగా విచ్చుకుంటాయి, నాలుగైదు సార్లు పిడికిలి బిగించి వదిలితే కాస్త సులువవుతుంది. బొటనవేలి కింది కండ మీద హ్యామర్‌తో తడితే బొటనవేలు లోపలికి ముడుచుకుని కాసేపు అలాగే ఉండిపోతుంది. కణతల దగ్గర లోతుగా ఉంటుంది, కనురెప్పలు కొద్దిగా వాలి ఉంటాయి. ఇక ఆమె తండ్రి, అంటే బిడ్డకు తాతయ్య, యాభై దాటాక రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆయనకు ఉన్నది అంతే.

ఇప్పుడు అంకెలు పెట్టండి. 19వ క్రోమోజోమ్ మీద డీఎంపీకే జీన్ చివర్లో, ప్రోటీన్‌గా మారని భాగంలో సీటీజీ వరసగా ఉంటుంది. మామూలుగా 5 నుంచి 34 సార్లు. 35 నుంచి 49 ఉన్నవాళ్లకు లక్షణాలు ఉండవు, కానీ పిల్లల్లో అంకె పెరగొచ్చు. 50 దాటితే జబ్బు పరిధి. మన తాతయ్యకు 70, తల్లికి 400, బిడ్డకు 1400 అనుకుందాం. తరం మారేకొద్దీ అంకె పెరిగింది, జబ్బు తొందరగా, తీవ్రంగా వచ్చింది. ఇదే యాంటిసిపేషన్.

ఎందుకు పెరుగుతుంది? ఒకే మూడక్షరాలు వరసగా ఉన్న డీఎన్ఏ పోగు విడివడినప్పుడు తన మీదకే మడతపడి హెయిర్‌పిన్‌లా నిలబడగలదు. మిస్‌మ్యాచ్ రిపేర్ ప్రోటీన్లు, ముఖ్యంగా ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్3, దాన్ని గుర్తించి సరిచేయబోయి ఆ మడతను కూడా వరసలో కలిపేస్తాయి. వరస ఎంత పొడవుంటే మడత అంత తేలిక, కాబట్టి పెరిగినది ఇంకా పెరిగే స్వభావంతోనే తర్వాతి తరానికి వెళ్తుంది. జీన్‌లో ప్రోటీన్ కోడ్ చెడలేదు కదా, మరి కండరం ఎందుకు బిగుసుకుంటుందని అడిగితే, జవాబు ఆర్ఎన్ఏలో ఉంది. పొడవైన సీయూజీ వరస ఉన్న ఆర్ఎన్ఏ కేంద్రకంలోనే చిక్కుకుని ఎంబీఎన్ఎల్1 అనే స్ప్లైసింగ్ ప్రోటీన్‌ను తనకు అంటించుకుంటుంది. అది అందక క్లోరైడ్ ఛానల్ ఆర్ఎన్ఏ స్ప్లైసింగ్ తప్పుతుంది, ఛానల్ తగ్గుతుంది, మయోటోనియా వస్తుంది. ఇన్సులిన్ రిసెప్టర్ స్ప్లైసింగ్ కూడా తప్పుతుంది, అందుకే ఇన్సులిన్ రెసిస్టెన్స్. కండరాల జబ్బులో షుగర్ ఎందుకు అడిగారో ఇక్కడ అర్థమవుతుంది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం, టెస్ట్ రిపోర్ట్. మామూలు పీసీఆర్ సుమారు వంద రిపీట్ల వరకే పనిచేస్తుంది, అంతకంటే పొడవైన యాలీల్‌ను యాంప్లిఫై చేయలేదు. తాతయ్య రిపోర్ట్‌లో 13, 70 రెండూ కనిపిస్తాయి. తల్లికి తన తల్లి నుంచి వచ్చిన 5 ఒక్కటే కనిపిస్తుంది, 400 కనబడదు. బిడ్డకు తన తండ్రి నుంచి వచ్చిన 12 ఒక్కటే కనిపిస్తుంది. రిపోర్ట్ చూస్తే తల్లి 5, 5 అన్నట్టు, బిడ్డ 12, 12 అన్నట్టు ఉంటుంది. అంటే తల్లీబిడ్డల మధ్య ఉమ్మడి యాలీల్ ఒక్కటీ లేదు! ఇది శాంపిల్ తారుమారు కావడం అనుకునే ముందు, కనబడని యాలీల్ ఉందేమో అని ఆలోచించాలి. ట్రిప్లెట్ ప్రైమ్డ్ పీసీఆర్ చేస్తే మెట్లుమెట్లుగా తగ్గే శిఖరాలు వచ్చి ఎక్స్‌పాన్షన్ ఉందని తెలుస్తుంది, ఎంత పొడవో చెప్పడానికి సదరన్ బ్లాట్ కావాలి. ఒక్క శిఖరం కనిపించిందని నార్మల్ అనే ఆప్షన్ పెట్టకండి.

ఆ అంకెను కూడా మరీ అంత నమ్మకూడదు. వయసుతో పాటు శరీర కణాల్లోనూ రిపీట్లు పెరుగుతాయి, రక్తంలో కంటే కండరంలో చాలా ఎక్కువ ఉంటాయి. కాబట్టి రక్తంలో 400 ఉన్న ఇద్దరికి జబ్బు ఒకేలా ఉండాలని లేదు. తండ్రి నుంచి వచ్చినప్పుడు కొన్నిసార్లు అంకె తగ్గడం కూడా ఉంది.

ఒకప్పుడు యాంటిసిపేషన్‌నే నమ్మలేదు. ముందు తరంలో శుక్లాలు మాత్రమే ఉండటాన్ని ఫ్లైషర్ 1918లోనే రాశాడు. 1948లో పెన్‌రోజ్, ఇదంతా కేసులు ఎంచుకోవడంలో వచ్చే బయాస్ అన్నాడు. తీవ్రంగా ఉన్న పిల్లల వల్లే కుటుంబం డాక్టర్ దాకా వస్తుంది, పెద్దవాళ్లలో తేలిగ్గా ఉన్నవాళ్లకే పిల్లలుంటారు, అందుకే తేడా కనబడుతుందని. ఆ వాదనలో బలం ఉంది, ఇప్పటికీ కుటుంబ చరిత్ర చదివేటప్పుడు ఆ జాగ్రత్త అవసరమే. 1992లో సీటీజీ ఎక్స్‌పాన్షన్ దొరికాక మాత్రం తరాల తేడాను నేరుగా కొలవగలిగారు.

ఎవరి నుంచి వచ్చిందన్నది తప్పకుండా చూడండి. వెయ్యి దాటిన ఎక్స్‌పాన్షన్‌తో పుట్టుకతో వచ్చే రూపం దాదాపు ఎప్పుడూ తల్లి నుంచే. హంటింగ్టన్‌లో దీనికి రివర్స్, సీఏజీ పెద్దగా పెరిగేది తండ్రి వైపు, వీర్యకణాలు తయారయ్యేటప్పుడు. అందుకే 20 ఏళ్లలోపు హంటింగ్టన్ వస్తే ముందు తండ్రిని అడుగుతాం. ఫ్రీడ్రైక్‌లో రిపీట్ ఉన్నా యాంటిసిపేషన్ ఉండదు, ఎందుకంటే అది రిసెసివ్, జబ్బు సాధారణంగా ఒకే తరంలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలోనే కనిపిస్తుంది.

ఈ కేసు చివర సాధారణంగా వచ్చే ప్రశ్న, తల్లికి మళ్లీ గర్భం వస్తే రిస్క్ ఎంత? 50 శాతమే. తరం మారితే జబ్బు తీవ్రత పెరుగుతుంది గానీ జీన్ సంక్రమించే అవకాశం పెరగదు. కాకపోతే ఆ 50 శాతంలో పడిన బిడ్డకు మళ్లీ పుట్టుకతోనే వచ్చే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఈమెకు ఇప్పటికే అలాంటి బిడ్డ ఉంది. ఆ తర్వాత అడిగేది తల్లికి ఏం చేయాలని. జవాబు ఈసీజీ. పీఆర్ ఇంటర్వెల్ పెరగడం, కండక్షన్ బ్లాక్, హఠాత్ మరణం ఈ జబ్బులో ఉన్నాయి, లక్షణాలు లేకపోయినా ఏటా చూడాలి. ఆపరేషన్ అవసరమైతే అనస్తీషియా టీమ్‌కు ముందే చెప్పాలి. సక్సినైల్ కోలిన్ ఇస్తే కండరాలు, దవడతో సహా, బిగుసుకుపోయి గాలి అందించడమే కష్టమవుతుంది.