కవర్ లెటర్‌లో 75 శాతం

సప్లై చైన్ ఎనలిస్ట్ పోస్టుకి వచ్చిన దరఖాస్తుల్లో ఈ వేళ చదివిన ఒక కవర్ లెటర్ పక్కన పెట్టబుద్ధి కాలేదు. పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం, రాసింది ఇప్పుడే ఇంజనీరింగ్ పూర్తిచేసిన అభ్యర్థి. లేఖ ఒక పేజీ దాటలేదు, భాష శుభ్రంగా ఉంది. మొదటి పేరాలో ‘సప్లై చైన్ అంటే చిన్నప్పటి నుంచీ ఆసక్తి’ అన్న వాక్యం తీసేయొచ్చు. పదేళ్ల వయసులో రీఆర్డర్ పాయింట్ మీద ఆసక్తి ఎవరికీ ఉండదు. సరుకంతా రెండో పేరాలో ఉంది.

అందులో ఉన్నది ఇంతే: ‘మోటార్లు అసెంబ్లీ చేసే యూనిట్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తూ ఒక బేరింగ్‌కి సేఫ్టీ స్టాక్ లెక్క కట్టాను. స్టాక్‌ని 75 శాతం తగ్గించాను.’

సేఫ్టీ స్టాక్ అంటే వాడకం పెరిగినా సరుకు ఆలస్యమైనా లైన్ ఆగకుండా ముందుజాగ్రత్తగా ఉంచే అదనపు సరుకు. స్టోర్స్‌లో గానీ ప్లానింగ్‌లో గానీ పనిచేసినవాళ్ల కన్ను ఆ 75 దగ్గరే ఆగుతుంది. ఇంటర్న్ చేతిలో స్టాక్ తగ్గదు. లెక్కలో తగ్గుతుంది. ప్లానర్ ఒప్పుకుని సిస్టమ్‌లో ఆ సంఖ్య మార్చి, రెండు మూడు ఆర్డర్లు తిరిగాకే నిజంగా తగ్గిందో లేదో తెలుస్తుంది. అందుకని ‘తగ్గించాను’ అన్నచోట ‘తగ్గించవచ్చని లెక్క తేలింది’ అని ఉండాలి. అయితే ఇది మాట సవరణ. అసలు సమస్య లెక్కలోనే ఉంది. మెచ్చుకోవలసిన విషయమేమిటంటే, లేఖకి జత చేసిన ఒక పేజీ పట్టికలో అంకెలన్నీ ఉన్నాయి కాబట్టి సరిచూసే వీలుంది. చాలా లేఖల్లో అదీ ఉండదు.

పట్టికలోని 21 నెలల లెక్క ప్రకారం ఆ బేరింగ్ వారానికి సగటున 400 వాడతారు. వాడకం వారం వారం మారుతుంది, దాని స్టాండర్డ్ డీవియేషన్ 60. ఆర్డర్ పెట్టిన దగ్గర్నుంచి సరుకు రావడానికి పట్టే సమయం, అంటే లీడ్ టైమ్, సగటున 4 వారాలు. యూనిట్‌లో పాత పద్ధతి ఏమిటంటే రెండు వారాల వాడకం, అంటే 800 బేరింగులు, సేఫ్టీ స్టాక్‌గా ఉంచడం. అభ్యర్థి 95 శాతం సర్వీస్ లెవెల్ తీసుకుని, దానికి సరిపడే 1.645ని 60తో గుణించి, 4 వారాల వర్గమూలం 2తో మళ్లీ గుణిస్తే 197 వచ్చింది. 800 నుంచి 197కి దిగితే 75 శాతం తగ్గినట్టే. గుణకారంలో తప్పు లేదు.

కానీ ఈ సూత్రం లీడ్ టైమ్ ఎప్పుడూ కచ్చితంగా 4 వారాలేనని అనుకుంటుంది. అదే పట్టిక కింది భాగంలో 18 పర్చేజ్ ఆర్డర్ల తేదీలు ఉన్నాయి. కొన్ని 3 వారాలకే వచ్చాయి, కొన్నింటికి 6 వారాలు పట్టింది. స్టాండర్డ్ డీవియేషన్ దాదాపు 1 వారం. సరుకు ఒక వారం ఆలస్యమైతే 400 బేరింగులు అదనంగా కావాలి. 197 ఎక్కడ సరిపోతాయి? లైన్ ఆగుతుంది. వాడకంలో హెచ్చుతగ్గుల కన్నా సరఫరాదారు చేసే ఆలస్యమే ఇక్కడ పెద్ద ప్రమాదం, ఆ సూత్రంలో దానికి చోటే లేదు. రెండింటినీ కలిపే లెక్క ఇది; ఇందులో SS సేఫ్టీ స్టాక్, z ఆ 1.645, L సగటు లీడ్ టైమ్, d వారం సగటు వాడకం, σd, σL వాడకానికీ లీడ్ టైమ్‌కీ ఉన్న డీవియేషన్లు:

```
SS = z × √(L × σd² + d² × σL²)

=NORM.S.INV(0.95)*SQRT(4*60^2 + 400^2*1^2)
```

రెండో వరుసని ఎక్సెల్‌లో పెడితే 687 వస్తుంది. వర్గమూలం లోపల వాడకం వాటా 14,400 అయితే, లీడ్ టైమ్ వాటా 1,60,000. ఏది దేన్ని మింగేస్తోందో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే చాలు. 800 నుంచి 687కి వస్తే తగ్గుదల 14 శాతం.

అక్కడితో ఆగినా పొరపాటే. సేఫ్టీ స్టాక్ అంటే మొత్తం స్టాక్ కాదు. ఆ బేరింగ్‌కి సరఫరాదారు పెట్టిన మినిమమ్ ఆర్డర్ క్వాంటిటీ 2000. ప్రతిసారీ 2000 వచ్చి, క్రమంగా తరిగి, మళ్లీ 2000 వస్తాయి కాబట్టి దాని వల్లే సగటున 1000 బేరింగులు రాక్‌లో ఉంటాయి. సేఫ్టీ స్టాక్ దానిపైన చేరుతుంది. పాత పద్ధతిలో సగటు స్టాక్ 1800, కొత్త లెక్కలో 1687. తేడా 113, అంటే 6 శాతం చిల్లర. డబ్బు ఇరుక్కునేది మొత్తం స్టాక్‌లో కాబట్టి ఫైనాన్స్ వాళ్లు అడిగేది ఈ ఆరునే.

75 కాస్తా 14 అయి, 14 కాస్తా 6 అయింది. ఉద్యోగం ఇచ్చేవాళ్ల దృష్టిలో మాత్రం 6 అని రాసిన లేఖే బరువైనది. 75 అన్నవారికి సూత్రం తెలుసు. 6 దాకా దిగి వచ్చినవారికి రాక్‌లో ఏముంటుందో కూడా తెలుసు.

95 శాతం అన్న మాట కూడా లేఖలో వివరణ లేకుండా వదిలేశారు. ‘వందలో 95 బేరింగులు సమయానికి అందుతాయి’ అని చాలామంది అనుకుంటారు. ఈ సూత్రంలో దాని అర్థం వేరు: ఒక ఆర్డర్ పెట్టి అది వచ్చేలోపు సరుకు అయిపోకుండా ఉండే అవకాశం 95 శాతం. వారానికి 400 వాడుతూ 2000 చొప్పున కొంటే ఏడాదికి సుమారు 10 ఆర్డర్లు. ఇరవై ఆర్డర్లలో ఒకసారి సరుకు అయిపోతుందంటే, రెండేళ్లకి ఒకసారి లైన్‌కి ముప్పు ఉందన్నమాట. ‘రెండేళ్లకోసారి’ అని చెబితే ప్రొడక్షన్ మేనేజర్ వెంటనే అవునో కాదో అంటారు. ‘95 శాతం’ అంటే తలూపి ఊరుకుంటారు. లేఖలో ఆ ఒక్క వాక్యం ఉంటే అభ్యర్థి ప్లాంట్ మనుషులతో మాట్లాడగలరని తెలిసిపోయేది.

డేటా ఎక్కడిదో, దాన్ని ఎలా శుభ్రం చేశారో చెప్పే వాక్యం కూడా లేదు. ఈ పనిలో సగం రోజు దానికే పోతుంది కాబట్టి లేఖలో కనీసం ఒక ముక్క దానికి దక్కాలి. ఇలాంటి పట్టికలో సాధారణంగా రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. ఒకటి లీడ్ టైమ్ తేదీలు. 2000 ఆర్డర్ చేస్తే 1200 ముందు వచ్చి, మిగతా 800 వారం తర్వాత వస్తే ఏ తేదీ తీసుకున్నారు? సరుకు గేటు లోపలికి వచ్చిన రోజా, క్వాలిటీ వాళ్లు తనిఖీ చేసి వాడుకోవచ్చని వదిలిన రోజా? లైన్‌కి కావలసింది రెండోది. రెండోచోటు వాడకం లెక్క. బేరింగులు రోజూ వాడుతున్నా, సిస్టమ్‌లో ఎంట్రీ నెలాఖరున ఒకేసారి వేసే స్టోర్స్ ఉంటాయి. అలాంటి డేటాని వారాలవారీగా విడగొడితే మూడు వారాలు సున్నా, నాలుగో వారం 1600 కనిపిస్తాయి. అప్పుడు డీవియేషన్ ఎక్కడికో పోతుంది, దాంతోపాటు సేఫ్టీ స్టాకూ పెరిగిపోతుంది. నెలాఖర్లలో మాత్రమే ఎత్తుగా లేచే గ్రాఫ్ కనిపిస్తే అనుమానించాల్సింది గిరాకీని కాదు, ఎంట్రీ వేసే అలవాటుని.

ఈ పట్టికలో డీవియేషన్ 60 ఉంది, సగటులో 15 శాతమే. అంటే ఎంట్రీలు రోజువారీగా పడుతున్నట్టున్నాయి, లేదా అభ్యర్థి సరిచేసి ఉంటారు. సరిచేసి ఉంటే ఆ మాట రాసుకోకపోవడం నష్టమే.

రెండో పేరాని ఉన్న అంకెలతోనే తిరిగి రాస్తే ఇలా ఉంటుంది:

‘ఇంటర్న్‌షిప్‌లో ఒక బేరింగ్‌కి 21 నెలల వాడకం, 18 పర్చేజ్ ఆర్డర్ల తేదీలు తీసుకుని సేఫ్టీ స్టాక్ లెక్క కట్టాను. లీడ్ టైమ్‌ని తనిఖీ పూర్తయిన తేదీ వరకు లెక్కించాను. వాడకంలో మార్పుని మాత్రమే చూస్తే 197 సరిపోతాయనిపించింది, కానీ సరఫరా ఆలస్యాలు కలిపితే 687 అవసరమని తేలింది. ఇప్పుడు ఉంచుతున్న 800తో పోలిస్తే సగటు స్టాక్ సుమారు 6 శాతం తగ్గుతుంది. లీడ్ టైమ్ డీవియేషన్ 1 వారం నుంచి అర వారానికి దిగితే 384 చాలు. ఇది కాగితం మీద లెక్కే, అమలు చేసి చూడలేదు. 18 ఆర్డర్లు తక్కువ నమూనా కాబట్టి డీవియేషన్ అంచనా మారవచ్చు.’

తనిఖీ తేదీ సంగతి నిజంగా అలా చేసి ఉంటేనే రాయాలి. గేటు తేదీ వాడి ఉంటే ‘తనిఖీకి పట్టే రోజులు ఇందులో కలపలేదు’ అని రాసినా గౌరవమే. మొదటి ఇంటర్వ్యూలోనే బయటపడే విషయాన్ని లేఖలో దాచి ప్రయోజనం లేదు.

ఈ పేరాలో 384 అన్న అంకె మీద ఆశ ఎక్కువ. స్టాక్ తగ్గాలంటే ఫోర్‌కాస్ట్‌తో కుస్తీ పట్టేకన్నా సరఫరాదారు తేదీ నిలబెట్టుకునేలా చూడటం మేలని ఒక్క అంకెతో చెప్పినట్టయింది. ఉద్యోగ ప్రకటనలో ‘సరఫరాదారుల డెలివరీ పనితీరు విశ్లేషణ’ అని స్పష్టంగా ఉంది. మూడో పేరాలో ఎక్సెల్, పవర్ బీఐ, పైథాన్, ఎస్‌క్యూఎల్ అని వరుసగా పేర్చే బదులు, ఆ 18 తేదీల లెక్కని ఏ సాధనంతో చేశారో రాస్తే ప్రకటనకి జవాబు అక్కడే దొరికేది. మిగతా పేర్లకి రెజ్యూమేలో చోటుంది.

చివరి పేరా మర్యాదగా ఉంది, అందులో మార్చేదేమీ లేదు. ఎప్పటి నుంచి చేరగలరో కూడా రాశారు.

ఇంటర్వ్యూకి పిలవమని రాసి పెట్టాను. మొదటి ప్రశ్న పట్టిక మీదే: 6 వారాలు పట్టిన ఆర్డర్లు సరఫరాదారు ఆలస్యం చేసినవా, లేక మధ్యలో కొనుగోలు విభాగం వాళ్లే డెలివరీ తేదీ వాయిదా వేసినవా? రెండో రకం అయితే అవి ఆలస్యాలే కావు. వాటిని తీసేసి మళ్లీ కడితే 687 కూడా కిందికి దిగుతుంది.